రెండు ఉత్తరాలు



వ్యాపారంలో మనకు తెలిసిన ఒక సంస్థలో ఎవరైనా చనిపోయినప్పుడు ఆ సంస్థవారికి ఏమని రాయాలి? పని మాట ఎత్తవచ్చా, ఎత్తకూడదా? ఎత్తితే ఎప్పుడు, ఎవరితో ఎత్తాలి? ఈ పూట దీని గురించి మాట్లాడతాను. గోలేటిలో కాంట్రాక్టు ఆఫీసులకు ఉత్తరాలు రాసిపెట్టే పనిలో చాలాకాలం ఉన్నవాణ్ని కాబట్టి, నాకు తెలిసిన ఈ చోటునుంచే చెబుతాను.

గోలేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని ఊరు. సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయం ఉన్నది ఇక్కడే. ఒకప్పుడు భూగర్భ గనులతో బతికిన ఈ ప్రాంతం ఇప్పుడు ఎక్కువగా ఓపెన్‌కాస్టుల మీద నడుస్తోంది. ఓపెన్‌కాస్టులో బొగ్గు పొర మీది మట్టిని, రాయిని తొలగించే పనిని ఓబీ అంటారని మీకు తెలిసిందే. సింగరేణిలో ఆ పని చాలావరకు కాంట్రాక్టు సంస్థలది. ఆ సంస్థల వెనుక డీజిల్ పోసేవారు, టైర్లు పంపేవారు, పంపుల సామాన్లు చేసి ఇచ్చేవారు, క్యాంపులో వంట చేసేవారు ఉంటారు. అందరూ ఒకరికొకరు ఫోన్ నంబర్లుగా మొదలై, ఏడాది తిరిగేసరికి బాగోగులు అడిగే మనుషులవుతారు. అందుకే ఒక చావు వార్త వచ్చిందంటే అది ఒక్క ఇంటికే, ఒక్క ఆఫీసుకే పరిమితమై ఉండదు.

ఒక సంగతి ఊహించుకుందాం. ఊరూ, పనీ, నియమాలూ నిజమైనవే. మనుషులు మాత్రం ఊహలోని వారు. జూలై నెల. గోలేటి దగ్గరి ఒక ఓపెన్‌కాస్టులో ఓబీ చేస్తున్న కాంట్రాక్టు సంస్థ. దాని సైట్ ఇన్‌చార్జి సెకండ్ షిఫ్టులో, మట్టి పోసే డంప్ దగ్గర, డంపరు బోల్తాపడి చనిపోయాడు. ఆయనకు హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపుతో మూడేళ్లుగా పని సంబంధం ఉంది. క్వారీ అడుగున సంప్‌లో చేరే వాన నీటిని తోడే పంపులకు ఇంపెల్లర్లు, షాఫ్టులు, బుష్‌లు ఆ వర్క్‌షాపే చేసి పంపుతుంది. వార్త తెలిసే సమయానికి ఒక లోడు దారిలో ఉంది. రెండు పాత బిల్లులు రావలసి ఉన్నాయి. ఇంకో పంపు సామాను ఆర్డరు ఆ ఇన్‌చార్జి నోటి మాట కోసం ఆగి ఉంది.

వర్క్‌షాపు యజమాని మంచివాడే. వార్త వినగానే నిజంగానే బాధపడ్డాడు. ఫోన్ తీసి కాంట్రాక్టరుకు ఇలా రాశాడనుకోండి: ‘మీ ఇన్‌చార్జి గారి మరణవార్త విని దిగ్భ్రాంతికి లోనయ్యాం. వారి ఆత్మకు శాంతి చేకూరాలని ప్రార్థిస్తున్నాం. అలాగే దారిలో ఉన్న లోడు ఎవరు దింపుకుంటారో, పెండింగ్ బిల్లుల సంగతి ఏమిటో తెలియజేయగలరు.’

ఇలాంటివి నేను లెక్కలేనన్ని చూశాను. రాసినవాడిలో దుర్మార్గం లేదు. అతనికి ఆరేడుగురు పనివాళ్లున్నారు, నెలాఖరున జీతాలివ్వాలి. కానీ చదివేవాడి వైపు నుంచి చూడండి. కాంట్రాక్టరు అప్పుడు ఆసుపత్రి దగ్గర నిలబడి ఉంటాడు. ఒక పక్క మృతుడి అన్నదమ్ములు, ఒక పక్క యూనియన్ నాయకులు, ఇంకో పక్క పోలీసులు. ఆ మూడు వాక్యాల్లో మొదటి రెండింటిని అతను చదవడు. అవి అందరూ రాసేవే. మూడోది చదువుతాడు. ‘వీడికి లోడు గొడవే ముఖ్యమైంది’ అనుకుంటాడు. ఆ మాట పదేళ్లయినా మరిచిపోడు.

అయితే పని మాట అసలు ఎత్తకుండా ఉండటం మంచిదా? ఈ బెల్టులో అదీ కుదరదు. బాయి పని మూడు షిఫ్టుల పని. ఒక షిఫ్టులో మనిషి పోయినా, మరునాడో, ఆ పై రోజో ఇంకో షిఫ్టు అదే దారిన దిగుతుంది. పైగా అది జూలై. నాలుగు రోజులు పంపులు ఆగితే సంప్ నిండి కింది బెంచీ మునుగుతుంది. నీటిలో మునిగిన చోట మళ్లీ పని మొదలుపెట్టడం ఇంకా ప్రమాదం. కాబట్టి సరఫరా చేసేవాడు మౌనంగా కూర్చుంటే అది మర్యాద కాదు, అవతలివాడి మీద ఇంకో బరువు వేయటం. పని గురించి మాట్లాడటంలో తప్పేమీ లేదు. దుఃఖంలో ఉన్నవాడి చేత నిర్ణయాలు చేయించటమే తప్పు.

అందుకే నేను ఎప్పుడూ రెండు ఉత్తరాలు రాయమని చెబుతాను. ఇద్దరు మనుషులకు, రెండు వేర్వేరు రోజుల్లో. మొదటి దానిలో పని ఊసు ఒక్క ముక్క కూడా ఉండకూడదు. రెండో దానిలో అడిగే మాటలకన్నా, మనం చేసేసిన పనుల మాటలు ఎక్కువ ఉండాలి.

మొదటి ఉత్తరానికి ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. గని ప్రమాదంలో మొదట వచ్చే వార్త ‘చిక్కుకున్నారు’ అని వస్తుంది. ‘చనిపోయారు’ అని రాదు. 2022 మార్చి 7న రామగుండం దగ్గరి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలినప్పుడు జరిగింది గుర్తుందా? ముగ్గురు చనిపోయారు. వారిలో అధికారులున్నారు, కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నాడు. కానీ ఆ శిథిలాల వెనుక చిక్కినవారిలో కొందరిని రెస్క్యూ బృందాలు ప్రాణాలతో బయటికి తెచ్చాయి. గంటల తరబడి పైన కుటుంబాలు ఆశతో నిలబడి ఉన్నాయి. అలాంటి గంటల్లో ఎవరైనా తొందరపడి ‘ప్రగాఢ సానుభూతి’ అని పంపితే, అది ఆ ఇంటి ఆడవాళ్ల ఫోన్లో పడితే ఏమవుతుంది? యాజమాన్యం నుంచో, ఆ సంస్థ మనిషి నోటి నుంచో ఖరారైన మాట వచ్చేదాకా ఆగండి. ఆ లోపల ఫోన్ చేయాల్సి వస్తే ‘మేమున్నాం, ఏం కావాలన్నా చెప్పండి’ అని మాత్రమే అనండి.

ఖరారైంది. ఇక రాయాలి. గోలేటి, తాండూరు, బెల్లంపల్లి మనుషులైతే ఉత్తరం ఎందుకు, నేరుగా వెళ్లి కూర్చుంటారు. పరామర్శకు వెళ్లి ఏమీ మాట్లాడకపోయినా చాలు. కానీ బాలానగర్ నుంచి ఇక్కడికి దాదాపు 300 కిలోమీటర్లు. రాగలిగితే రావాలి. రాలేనివాడికే ఉత్తరం. మన ఉదాహరణలోని వర్క్‌షాపు యజమాని కాంట్రాక్టరుకు రాయదగ్గ ఉత్తరం ఇలా ఉంటుంది. పేర్లున్న చోట నేను ‘గారు’ అని వదిలేస్తున్నాను. మీరు రాసేటప్పుడు అక్కడ తప్పకుండా పేరు పడాలి.

‘గౌరవనీయులైన … గారికి, నిన్న సెకండ్ షిఫ్టులో … గారు చనిపోయారని ఈ ఉదయం తెలిసింది. మూడేళ్లుగా ఇక్కడి నుంచి వచ్చిన ప్రతి పెట్టెనూ ఆయనే విప్పి చూసి, బాగుంటే బాగుందని, లేకుంటే లేదని అదే రోజు ఫోన్ చేసి చెప్పేవారు. పోయిన వానాకాలం అర్ధరాత్రి ఒక షాఫ్టు కోసం ఫోన్ చేసి, అది అమర్చాక మళ్లీ ఫోన్ చేసి పంపు నడుస్తోందని చెప్పారు. ఆ రెండో ఫోన్ మా వర్క్‌షాపులో అందరికీ గుర్తుంది. ఆయన లేకపోవటం మీకూ, ఆయనతో షిఫ్టు చేసినవారికీ ఎంత కష్టమో మేం ఊహించగలం. ఆయన ఇంటివారికి మా అందరి దుఃఖాన్ని చెప్పండి. దీనికి జవాబు రాయవలసిన పని లేదు.’

అంతే. ఇంతకన్నా పొడుగు అక్కర్లేదు. ఇందులో ‘దిగ్భ్రాంతి’ లేదు, ‘తీరని లోటు’ లేదు. వాటి బదులు ఆ మనిషి చేసిన ఒక పని ఉంది. కాంట్రాక్టరు ఆ ఉత్తరాన్ని మృతుడి భార్యకో, కొడుక్కో చూపించగలడు. నా అనుభవంలో చూపిస్తారు కూడా. దినాల నాడు ఇలాంటి ఉత్తరాన్ని పైకి చదివించుకున్న ఇళ్లున్నాయి. తమ మనిషి బయటి ప్రపంచంలో ఎలా ఉండేవాడో ఇంటివాళ్లకు తెలిసేది ఇలాంటి రెండు మూడు వాక్యాల వల్లే. పనిలో గొప్పతనాన్ని పెంచి రాయకండి. పెట్టె విప్పి చూసేవాడన్న మాట నిజం కాబట్టే అది నిలుస్తుంది.

చివరి వాక్యం, జవాబు అక్కర్లేదన్నది, చిన్నదిగా కనిపిస్తుంది. కాని ఆ వారంలో కాంట్రాక్టరుకు వచ్చే ఉత్తరాల్లో దాదాపు ప్రతిదీ ఏదో ఒకటి కోరుతుంది. ఏమీ కోరని కాగితం ఒక్కటుంటే అది కనబడుతుంది.

ఈ ఉత్తరంలో లేని మాటల గురించి కూడా చెప్పాలి. అది ఈ బెల్టులో చాలా ముఖ్యం. ప్రమాదం ఎలా జరిగిందన్నది ఇందులో లేదు. ‘డంపరు బ్రేకులు ఫెయిలై’ అని గాని, ‘దురదృష్టవశాత్తు డ్రైవరు పొరపాటుతో’ అని గాని రాయలేదు. టీవీలో చూశాం కదా అని అలాంటివి రాసేస్తుంటారు. గనిలో మనిషి చనిపోతే కారణం తేల్చేది గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్. విచారణ పూర్తికాక ముందు వ్యాపార సంబంధం ఉన్నవాడు కారణం రాసి పంపితే, ఆ కాగితం రేపు ఎవరి చేతిలో ఎలా పడుతుందో చెప్పలేం. తప్పు చనిపోయినవాడిదే అన్న అర్థం వచ్చే మాట మరీ పాపం. నష్టపరిహారం దగ్గర ఆ ఇంటికి అది అడ్డు రావచ్చు. నష్టపరిహారం గురించీ, ఉద్యోగం గురించీ కూడా రాయకండి. ‘మీ సంస్థ వారి కుటుంబాన్ని బాగా ఆదుకుంటుందని ఆశిస్తున్నాం’ అనే వాక్యం మంచి మనసుతోనే రాస్తారు. కాంట్రాక్టరు దాన్ని ఒత్తిడిగానే చదువుతాడు.

ఒకవేళ ఆ డంపరుకు సామాను మీ దగ్గరి నుంచే వెళ్లిందనుకోండి. అప్పుడు భయంతో ‘మా సరుకులో లోపం లేదు’ అని సంతాపంలోనే ఒక వాక్యం ఇరికించాలనిపిస్తుంది. వద్దు. సంతాపం సంతాపంగానే పంపండి. మీ బ్యాచ్ నంబర్లు, టెస్ట్ సర్టిఫికెట్లు, డెలివరీ కాగితాలు తీసి ఒక చోట భద్రపరచండి. అడిగినవారికి అడిగినప్పుడు ఇవ్వండి. మీ మెకానిక్‌ను మాత్రం ఆ బండి దగ్గరికి పంపకండి. అది ఇప్పుడు మరమ్మతు చేయాల్సిన బండి కాదు, విచారణలో సాక్ష్యం.

రెండో ఉత్తరం ఎప్పుడు రాయాలో తెలియాలంటే ఇంకో సంగతి తెలియాలి. ప్రమాదం జరిగిన చోటును కదపకూడదన్న నియమం తరతరాలుగా బాయి మనుషులకు తెలుసు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రాణనష్టం జరిగిన స్థలాన్ని ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా, లేదా ఆయన అనుమతి ఇచ్చేదాకా మార్చకూడదని ఉండేది. మృతదేహాన్ని తీయటానికి, బతికున్నవారిని కాపాడటానికి, ఇంకో ప్రమాదాన్ని ఆపటానికి, లేదా ఆ చోట పని ఆగితే మొత్తం గని నడకే దెబ్బతినే పరిస్థితిలో మాత్రం మినహాయింపు ఉండేది. ప్రమాదం జరిగిన సమయం నుంచి 72 గంటల్లోపు ఇన్‌స్పెక్టరు రాకపోతే అక్కడ పని మళ్లీ మొదలుపెట్టవచ్చని ఆ సెక్షనే చెప్పింది. ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాక ప్రమాదకరంగా ఉందనుకుంటే పని ఆపమని వేరే ఉత్తర్వు కూడా ఇవ్వవచ్చు.

దీని అర్థం ఏమిటి? మొదటి మూడు రోజుల్లో ‘పని ఎప్పుడు మొదలవుతుంది’ అని కాంట్రాక్టరును అడగటం దండగ. అది అతని చేతిలో లేదు. అతనికి తెలియదు. తెలియని ప్రశ్నకు జవాబు చెప్పమంటే మనిషి చిరాకుపడతాడు, లేదా అబద్ధం చెబుతాడు. ఆ మూడు రోజులూ యూనియన్ల చర్చలుంటాయి, పోస్టుమార్టం ఉంటుంది, అంత్యక్రియలుంటాయి. ఓబీ పనివాళ్లలో ఝార్ఖండ్, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మృతుడు అటువాడైతే దేహాన్ని సొంతూరికి పంపే ఏర్పాట్లే రెండు రోజులు తింటాయి. 2020 జూన్ 2న రామగుండం ఓసీపీ-1లో పేలుడు జరిగి నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయిన నాడు, కరోనా ఆంక్షల మధ్య ఆ పనులన్నీ ఎంత కష్టమో ఈ బెల్టు చూసింది.

అయితే ఆ మూడు రోజుల్లోనే ఒక పని మాత్రం ఆగదు. అది దారిలో ఉన్న లోడు. బండి వెనక్కి రాదు, డ్రైవరు గేటు దగ్గర రెండు రాత్రులు పడి ఉండలేడు. ఈ-వే బిల్లు గడువు మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉంటుంది. బాలానగర్ నుంచి గోలేటికి రెండు రోజులు. బండి మధ్యలో ఆగాల్సి వస్తే, గడువు ముగియటానికి ముందు 8 గంటల్లో గాని, ముగిసిన తర్వాత 8 గంటల్లో గాని పొడిగించుకునే వీలుంది. కాబట్టి వార్త వినగానే వర్క్‌షాపు యజమాని చేయాల్సిన మొదటి ఫోన్ కాంట్రాక్టరుకు కాదు. ముందు లారీ డ్రైవరుకు, తర్వాత సైట్‌లోని స్టోర్ కీపరుకు. స్టోర్ కీపరును అడగాల్సింది ఒకే ఒక్క ప్రశ్న: ‘బండి రేపు వస్తుంది, దింపుకోగలరా? కుదరదంటే నేను ఆపుకుంటాను.’ దింపుకుంటానంటే వస్తుంది, వద్దంటే గడువు పొడిగించి ఆగుతుంది. ఈ మాట కాంట్రాక్టరు దాకా పోనవసరమే లేదు.

ఇక రెండో ఉత్తరం. దాన్ని కాంట్రాక్టరుకు రాయకండి. మృతుడి పనిని తాత్కాలికంగా ఎవరు చూస్తున్నారో స్టోర్ కీపరును అడిగి తెలుసుకుని ఆ మనిషికి రాయండి. నాలుగో రోజో అయిదో రోజో. ఆ మనిషి కొత్తగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఎవరికి ఏ ఆర్డరు చెప్పారో, ఏ బిల్లు ఎక్కడుందో అతనికి తెలియదు. పోయినవాడి తలలో ఉన్నదంతా పోయింది. సరఫరాదారు దగ్గర ఉన్న లెక్క అప్పుడు అతనికి పెద్ద సాయం. ఉత్తరం ఇలా నడుస్తుంది.

‘… గారికి నమస్కారం. ఈ కష్టకాలంలో మా వైపు నుంచి మీకు ఏ తొందరా ఉండకూడదని ఈ వివరాలు రాస్తున్నాను. సోమవారం బయలుదేరిన లోడు బుధవారం మీ స్టోర్స్‌లో దిగింది. అందులో రెండు షాఫ్టులు, నాలుగు సెట్ల బుష్‌లు ఉన్నాయి. ఇప్పుడే విప్పి చూడనక్కర్లేదు. లోపం ఉంటే నెల తర్వాత చెప్పినా మార్చి ఇస్తాం. మూడో పంపు సామాను గురించి … గారు నోటి మాటగా అడిగారు, ఆర్డరు ఖరారు కాలేదు. మీ మాట వచ్చేదాకా దాన్ని ఆపి ఉంచుతున్నాం, ధర మారదు. ఒక్కదానికే గడువుంది. కొత్త ఇంపెల్లర్ పోత పోయించి పంపాలంటే మాకు పదిహేను రోజులు పడుతుంది. వానలు ముదిరేలోపు అందాలంటే ఈ నెల 25లోపు “సరే” అన్న ఒక్క మాట చాలు. ఆ లోపు మీకు వీలు కాకపోతే, మా దగ్గరున్న పాత ఇంపెల్లర్‌ను మరమ్మతు చేసి సిద్ధంగా ఉంచుతాం. అత్యవసరమైతే ఒక్క రోజులో పంపుతాం. మిగతావన్నీ దినాలయ్యాక మాట్లాడుకుందాం.’

ఇందులో ప్రశ్న ఒక్కటే ఉంది. దానికి జవాబు రాకపోయినా ఏం జరుగుతుందో కూడా రాసి ఉంది. పని సాగటం అంటే నా దృష్టిలో ఇదే. అవతలివాడు మౌనంగా ఉన్నా పంపు ఆగకూడదు. నోటి మాటను ఆర్డరుగా మార్చి రాయలేదు, అది గమనించండి. చనిపోయినవాడు ఒప్పుకున్నాడని చెప్పటం సులభం, కాదనేవాడు లేడు. ఆ సులభమైన దారిలో ఒక్కసారి నడిచిన సరఫరాదారును ఈ బెల్టులో ఎవరూ మళ్లీ నమ్మరు.

బిల్లుల మాట ఎందుకు లేదని మీరడగవచ్చు. అవసరం లేదు కాబట్టి. ఆ వర్క్‌షాపు తయారీ చేసే చిన్న పరిశ్రమ. ఉద్యమ్ నమోదు ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం దానికి అండగా ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొనుగోలుదారు 45 రోజులకు మించి గడువు పెట్టుకోకూడదు. దాటితే వడ్డీ చట్టప్రకారం దానంతటదే పెరుగుతుంది. పెట్టె విప్పి సంతకం పెట్టాల్సిన మనిషి చనిపోయాడు కదా, ఇక లెక్క ఎప్పటినుంచి అన్న భయం కూడా అక్కర్లేదు. సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే అంగీకరించిన రోజు. అంటే మీరు పది రోజులు నోరు మూసుకున్నంత మాత్రాన మీ హక్కు ఏమీ తగ్గదు. పెద్దకర్మ అయ్యాక అకౌంట్స్ విభాగానికి, కాంట్రాక్టరుకు కాదు, బిల్లు నంబర్లతో ఒక మామూలు ఉత్తరం రాయండి. అందులో మళ్లీ సంతాపం కలపకండి. ముస్లిం కుటుంబమైతే నలభయ్యో రోజు వరకు ఇంట్లో కార్యక్రమాలుంటాయి, ఉత్తరాది వారికి పదమూడో రోజు ముఖ్యం. ఇంటి ఆచారం స్టోర్ కీపరును అడిగితే చెబుతాడు.

పోయింది ఉద్యోగి కాక యజమానే అయితే లెక్క మారుతుంది. ఒక్క మనిషి పేరు మీద నడిచే సంస్థ అయితే ఆ పాన్ కార్డు, ఆ జీఎస్టీ నంబరు ఆ మనిషివే. వారసులు కొత్తగా నమోదు చేసుకోవాలి. భాగస్వామ్య సంస్థ అయితే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, 1932 నాటి చట్టం ప్రకారం ఒక భాగస్వామి మరణంతో సంస్థే రద్దవుతుంది. అలాంటప్పుడు రెండో ఉత్తరంలో ఆర్డర్ల మాట ఎత్తకండి. సంతకం పెట్టే అధికారం ఎవరిదో తేలేదాకా మీ దగ్గరున్న లెక్క కాగితం ఒకటి పంపి ఊరుకోండి. కొడుకు చేత తొందరపడి తండ్రి పేరు మీద కాగితాలు రాయించుకోవటం, తండ్రి ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెప్పమనటం, ఆయన డిజిటల్ సిగ్నేచర్‌తో టెండరు వేయమని సలహా ఇవ్వటం ఇద్దరినీ ముంచుతాయి.

ఈ రెండు ఉత్తరాలూ చక్కగా రాసినా పాడుచేసేది ఒకటుంది. అది మన ఆఫీసు కంప్యూటర్. బిల్లు గడువు దాటగానే ‘మీ చెల్లింపు పెండింగ్‌లో ఉంది’ అని దానంతటదే మెసేజ్ పంపేలా చాలామంది పెట్టుకుంటున్నారు. ఆ మెసేజ్ ఏ నంబరుకు వెళుతుంది? చనిపోయిన మనిషి నంబరుకు. ఆ ఫోన్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంటుంది? భార్య చేతిలో, లేకపోతే పదో తరగతి చదివే కూతురి చేతిలో. పాత ఆర్డర్ల గురించి, లోడు ఎప్పుడొస్తుందని, బాకీ ఎప్పుడిస్తారని ఆ ఫోన్ నెల రోజులు మోగుతూనే ఉంటుంది. ఆ ఇంటికి వెళ్లినవారికి తెలుసు, ఆ పిల్ల ప్రతిసారీ ‘నాన్న లేడు’ అని చెప్పాల్సి వస్తుంది. వాట్సాప్ గ్రూపులో పూలదండల బొమ్మలు పెట్టి, అదే రోజు సాయంత్రం అదే నంబరుకు బాకీ మెసేజ్ పంపిన సంస్థలు నాకు తెలుసు. ఎవరూ కావాలని చేయలేదు. ఎవరూ చూసుకోలేదు, అంతే.

కాబట్టి మీరు పెద్ద కంపెనీ నడిపినా, చిన్న లేత్ షాపు నడిపినా, ఈ బొగ్గు బెల్టులో ఎవరితోనైనా లావాదేవీ ఉన్నా, మీ పరిచయస్తుల సంస్థలో ఎవరైనా పోయారని తెలిసిన రోజు సంతాప ఉత్తరం కన్నా ముందు ఒక్క పని చేయండి. మీ అకౌంట్స్ చూసేవారిని పిలిచి ఆ పేరు మీదున్న ఫోన్ నంబరును, మెయిల్‌ను మీ జాబితాలోంచి తీసేయించండి. అది తీశారని మీ కళ్లతో చూసుకున్నాకే కలం పట్టండి.